చీతాని ఆపేది ఒంటి వేడా, కండరమా?

ట్యూషన్ పిల్లల్ని విశాఖ జూకి తీసుకెళ్లిన ప్రతిసారీ చిరుతపులి ముందు అదే ప్రశ్న: "సార్, అంత స్పీడుగా ఉరికేది నిమిషంలో ఎందుకు చతికిలబడుతుంది?" ముందు నేను సరిదిద్దేది పేరు. ఎదురుగా ఉన్నది చిరుతపులి, వాళ్లడుగుతున్నది చీతా. రెండూ వేరు.

అసలు ప్రశ్నకి రెండు జవాబులు తిరుగుతున్నాయి. ఒకటి ఒంటి వేడి, రెండోది కండరం అలసిపోవడం. ముందు వేడి సంగతి. 1973లో చీతాలను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించారు. ఒంటి వేడి 40.5 డిగ్రీలకు చేరగానే అవి మొండికేశాయి. పుస్తకాల్లోకి ఎక్కింది ఇదే, నేనూ చాలా ఏళ్లు ఇదే చెప్పాను. చిక్కేంటంటే, ఆ మెషిన్ మీద పరుగు అడవిలో వేటంత వేగం కాదు.

2013లో నమీబియాలో చీతాల ఒంట్లోనే థర్మామీటర్లు అమర్చి చూశారు. తరుముతున్నంతసేపూ వేడి పెద్దగా పెరగలేదు. పెరిగింది వేట ముగిశాక, అదీ జంతువు దొరికినప్పుడే ఎక్కువ: దాదాపు 1.3 డిగ్రీలు. దొరక్కపోతే అందులో సగం కూడా లేదు. రెండుసార్లూ చేసింది పరుగే కదా! సింహమో మరొకటో వచ్చి ఎత్తుకుపోతుందన్న టెన్షన్ వల్లే ఆ వేడి అని పరిశోధకులు అనుకున్నారు.

అందుకే నా ఓటు రెండోదానికి, కండరానికి. చీతా తొడ కండరాల్లో ఎక్కువ పాళ్లు ఠక్కున బిగుసుకునే పోగులే. స్ప్రింగులా వంగి విచ్చుకునే వెన్నుకి ఆ బలం తోడైతే ఒక్కో అంగ ఆరేడు మీటర్లు పడుతుంది. ఈ పోగులు ఆక్సిజన్ కోసం ఆగవు. దాచుకున్న ఇంధనాన్ని అప్పటికప్పుడు వాడేస్తాయి. అదే వేగానికి మూలం, అదే గండం కూడా: ఇంధనం కొన్ని సెకన్లలో తగ్గిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. బోట్స్‌వానాలో కాలర్లు కట్టి కొలిస్తే అత్యధిక వేగం గంటకు 93 కిలోమీటర్లు, సగటు పరుగు 173 మీటర్లే. ఆ తర్వాత చేసేది ఆక్సిజన్ అప్పు తీర్చడం. జింక కాళ్ల దగ్గరే ఉన్నా తినలేక, డొక్కలెగరేస్తూ కూర్చుంటుంది.

గుండె, ఊపిరితిత్తులు చిన్నవని చెప్పేవాళ్లూ ఉన్నారు. అది కాదు, పిల్లి జాతిలో చీతావి పెద్దవే. కానీ కొన్ని సెకన్ల పరుగులో అవి అందించేది ఎంత?

అమెరికాలో జింకలా ఉండే ప్రాంగ్‌హార్న్‌ది దీనికి పూర్తిగా తలకిందుల కథ. వేగంలో చీతాకి కాస్త వెనకే గానీ, ఆక్సిజన్‌తో నడిచే కండరాలు దానివి. పది నిమిషాల్లో పదకొండు కిలోమీటర్లు లాగేస్తుందంటారు, అంటే ఆర్కే బీచ్‌లో బయల్దేరి దాదాపు రుషికొండ దాకా.

"అయితే చీతా దాన్ని పట్టగలదా సార్?" అన్నాడొకడు. మొదటి రెండు వందల మీటర్లలోనైతే పట్టగలదు.