మద్రాసు సీజను, తిరువైయారు ఆరాధన: ఏ వయొలిన్ తీగ ఎక్కడ నిలబడింది

డిసెంబరు సీజనుకి మద్రాసు, అటునుంచి జనవరిలో తిరువైయారు వెళ్లొచ్చినవాళ్లు క్యాంటీన్ల గురించి, లాడ్జీల గురించి బోలెడు చెబుతారు. వయొలిన్ పట్టుకుని వెళ్లేవాళ్లకి కావాల్సిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, అదేమిటంటే ఏ తీగలతో వెళ్లాలి, ఏ గదిలో దిగాలి అని. ఈసారి విజయవాడ నుంచి ముగ్గురం కలిసి వెళ్లాం, మూడు వాయిద్యాలకీ మూడు రకాల తీగలు. మా మాస్టారి దానికి యూడోక్సా, అంటే గొర్రె పేగుతో చేసిన తాడు మీద లోహం చుట్టిన గట్ తీగలు. మా బాబాయి కొడుకుది ప్రెల్యూడ్, అది పూర్తిగా స్టీలు. నాది డామినెంట్, లోపల నైలాన్ లాంటి సింథటిక్ పోగు, మొదటి తీగ ఒక్కటే స్టీలు.

పినాకినిలో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి సెంట్రల్లో దిగుతాం. పెట్టెని కాళ్ల దగ్గర కాకుండా పైన బెర్తు మీద పెట్టుకోండి, అంతే, రైలు గురించి ఇంకేమీ లేదు.

మైలాపూరులో కోవెల దగ్గర ఏసీ గది తీసుకున్నాం. మనిషికి హాయి, వయొలిన్‌కి కాదు. రాత్రంతా ఏసీలో గాలి ఎండిపోతుంది, పొద్దున తలుపు తీస్తే సముద్రపు తేమ. గట్ ఆ తేమని పీలుస్తుంది, మళ్లీ వదిలేస్తుంది, దానితో పాటే శ్రుతి కదులుతుంది. మాస్టారు గదిలో కలుపుకుని కిందకి దిగి ఆటో ఎక్కేలోపే మళ్లీ కలపాల్సి వచ్చేది. మర్నాటి నుంచి ఆయన ఏసీ ఆపించి ఫ్యానుతో పడుకున్నారు, మేము కాస్త ఉక్కపోతతో. తేడా వెంటనే తెలిసింది. గట్ తీగలవాళ్లు ఆ వీధుల్లోనే ఏసీ లేని గది తీసుకోవడం మేలు, అద్దె కూడా తక్కువ.

కానీ ఆయన వాయిద్యం మోగినట్టు మా రెండూ మోగలేదు, ఒప్పుకోవాలి. కమాను ఆనగానే నాదం నెమ్మదిగా విచ్చుకుంటుంది, గాయకుడి గొంతు వెనకాల ఒదుగుతుంది. స్టీలు అలా కాదు, తాకగానే సన్నగా, సూటిగా పలుకుతుంది. మైకు పెట్టిన హాల్లో ఆ పదును ఇంకా పెరుగుతుంది. సింథటిక్ ఈ రెంటికీ మధ్యలో, గట్ వైపు కొంచెం మొగ్గి ఉంటుంది. 1970లో వియన్నా థొమాస్టిక్ వాళ్లు డామినెంట్ తెచ్చిందే గట్ గొంతు దొరకాలి, వాతావరణపు బాధ తగ్గాలి అని.

ఇప్పుడు మన సంగీతానికి మాత్రమే ఉన్న చిక్కు. ఈ తీగలన్నీ జి, డి, ఎ, ఇ అనే పాశ్చాత్య శ్రుతికి కొలిచి చేసినవి. మనం స ప స ప కలుపుతాం, అదీ గాయకుణ్ణి బట్టి మారుతుంది. ఐదు శ్రుతిలో పాడే ఆవిడకి అయితే కింది రెండు తీగలూ ఉన్నచోటే ఉంటాయి, పై రెండూ రెండేసి అరస్వరాలు దిగుతాయి. రెండున్నర శ్రుతిలో పాడే ఆయనకి కలిపితే కింది రెండూ నాలుగేసి, పై రెండూ ఆరేసి అరస్వరాలు దిగిపోతాయి. ఆరు అరస్వరాలు దిగితే తీగ మీద లాగుడు సరిగ్గా సగమవుతుంది. సగం లాగుడుతో నా రెండో తీగ కమాను కింద వదులుగా ఊగింది, గట్టిగా నొక్కితే గీర వచ్చింది, నాదం మందగించింది. మధ్యాహ్నం ఐదు శ్రుతి, సాయంత్రం రెండున్నర ఉన్న రోజు అసలు పరీక్ష. స్టీలు ఎక్కడికి దించితే అక్కడ ఆగింది. సింథటిక్ దించాక కొంతసేపు తనంతట తానే పైకి పాకుతుంది, అందుకే ఒక గంట ముందే దించి వాయిస్తూ ఉండాలి. గట్ అయితే ఆ రోజంతా సతాయించేదే, కానీ మాస్టారు ఒకే శ్రుతి కచేరీలే ఒప్పుకుంటారు కాబట్టి ఆయనకి సరిపోయింది.

స్టీలు నిలకడకి కూడా ఒక షరతు ఉంది. స్టీలు సాగదు కాబట్టి, వదులుగా ఉన్నప్పుడు వేలు కాస్త గట్టిగా నొక్కినా స్వరం పైకి జారుతుంది. మా తమ్ముడు రెండున్నరలో గాంధారం మీద గమకం వేసిన ప్రతిసారీ అర వాసి ఎక్కువ పలికింది, వాడి చెవికి కూడా తెలిసింది, వేలు తేలిక చేయడం తప్ప దారి లేదు. బిరడా వెంట్రుకంత తిప్పినా చాలా దూరం వెళ్లిపోతుంది కాబట్టి నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు ఉండాల్సిందే.

హాళ్ల గురించి ఒక్క మాట. ఒక సభలో గ్రీన్‌రూములో ఫ్యాను, వేదిక మీద ఏసీ, పైన వేడి లైట్లు. లోపల కలుపుకుని వెళ్లిన శ్రుతి వేదిక మీద ఎవరికీ మిగల్లేదు, స్టీలుకి కూడా. తెర తీసేలోపు పది నిమిషాలు వేదిక మీద కూర్చోనిస్తారా అని ముందే అడగండి. శ్రుతి పోతే తప్పు తీగదేనని అనుకోవద్దు. ఒక్క తీగే ఉన్నట్టుండి జారితే బిరడా చూడండి, ఏసీకి కర్ర ఎండి వదులైందన్నమాట, కొంచెం సుద్దపొడి రాసి లోపలికి నొక్కుతూ తిప్పితే ఆగుతుంది. నాలుగూ ఒకేవైపు నెమ్మదిగా కదిలితే అది గాలి మహిమ. కొత్తగా వేసిన ఒక్కటే రోజూ దిగుతుంటే అది ఇంకా సాగుతోంది, నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. అందుకే ప్రయాణానికి ముందురోజు కొత్త సెట్టు వేయకండి.

నా రెండో తీగ చుట్టు మధ్యలో విడిపోయింది. అల్యూమినియం చుట్టినది చెమటకి త్వరగా పోతుంది, మనం వేళ్లకి రాసుకునే కొబ్బరినూనె మురికిని కూడా పట్టి ఉంచుతుంది. ఒక దుకాణానికి వెళితే నాలుగూ ఒకేసారి తీసేయబోయాడు, ఆపాను. అన్నీ విప్పితే బ్రిడ్జి పడుతుంది, లోపలి పుల్ల కూడా పడొచ్చు. ఒకటి తీసి ఒకటి వేయాలి. ఇంకో వీధిలో పెద్దాయన ఒకరు నా శ్రుతి ఏమిటని ముందు అడిగి, అదే డామినెంట్‌లో లావు రకం, స్టార్క్ అని రాసి ఉండేది ఇచ్చారు. రెండున్నరలో ఆ వదులుతనం చాలావరకు పోయింది. ఐదులో మాత్రం కొంచెం బిగువుగా, గొంతు నొక్కినట్టు ఉంది.

ఎగ్మూరు నుంచి రాత్రి ఉళవన్‌లో తంజావూరు. ఆరాధన రోజుల్లో తిరువైయారులో గదులు దొరకడం కష్టం, దొరికినా నీళ్ల టెన్షన్. తంజావూరులో దిగి పొద్దున్నే బస్సెక్కడం నయం, పదమూడు కిలోమీటర్లే. కావేరి ఒడ్డున పందిరి, పొద్దున మంచు, ఎండెక్కితే వేడి. పంచరత్నాలకి అంతమంది వయొలిన్లు ఒక్కసారి మోగుతుంటే ఎవరి తీగ నాణ్యత ఎవరికీ వినిపించదు, శ్రుతి నిలవడమే ముఖ్యం. అక్కడ స్టీలుదే గెలుపు. మాస్టారు ఆ పూట తమ్ముడి వయొలిన్ తీసుకుని వాయించారు, తన గట్ వాయిద్యం హోటల్ గదిలోనే వదిలేశారు.

సీజను మొత్తం తిరిగేవాళ్లు, శ్రుతులు మారేవాళ్లు సింథటిక్ వేసుకోండి, తక్కువ శ్రుతి ఎక్కువైతే రెండో తీగ, మూడో తీగ లావువి. నేర్చుకునే పిల్లలకి, ఆరుబయట వాయించేవాళ్లకి స్టీలు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. గట్ సొంతూళ్లో, ఒకే శ్రుతిలో, చిన్న గదిలో మైకు లేకుండా వాయించేవాళ్లకే. మొదటి తీగ మాత్రం ఎవరికైనా స్టీలే, రెండు అదనంగా పెట్టెలో ఉంచుకోండి, తంజావూరులో ఆ వారం ఎక్కడ అడిగినా అయిపోయాయనే చెప్పారు.