హెర్నియా ఆపరేషన్: ప్యాకేజీ మేలా, విడి లెక్క బిల్లు మేలా?

బీమా లేకుండా సొంత డబ్బుతో గజ్జల హెర్నియా ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని ప్రైవేటు ఆసుపత్రులు సాధారణంగా రెండు రకాలుగా ధర చెబుతాయి. మొదటిది మొత్తం ఒకే మాటగా చెప్పే ప్యాకేజీ. రెండోది గది, సర్జన్, మత్తు డాక్టరు, మందులు, థియేటర్ అన్నీ వేరువేరుగా వేసే విడి లెక్క. వినడానికి ప్యాకేజీయే భద్రంగా అనిపిస్తుంది కానీ, అందులో ఏమేమి కలపలేదో తెలియకుండా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం సరికాదు.

కూకట్‌పల్లిలో ఉండే మా బాబాయి గారికి 58 ఏళ్లు. కుడి వైపు మాత్రమే, మొదటిసారి వచ్చిన హెర్నియా. ఒక ఆసుపత్రి లాపరోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్‌కు, 95,000 రూపాయల ప్యాకేజీ అంది. మరో ఆసుపత్రి విడి లెక్కలో 70 వేల నుంచి 90 వేల వరకు అవుతుందంది. అంచనా కాగితం మీద, బలహీనపడిన చోట వేసే వల లాంటి మెష్ ఖర్చు కలిసిందా, ఏ కంపెనీది, దాని ఎంఆర్‌పీ ఎంత, రెండో రాత్రి ఉండాల్సి వస్తే ఎంత అని రాసిమ్మని అడిగాక అసలు సంగతి తెలిసింది. ప్యాకేజీలో మెష్‌కు 12,000, దాన్ని లోపల బిగించే ట్యాకర్‌కు 22,000 లేవు. అంటే నిజమైన ధర 1,29,000. విడి లెక్క చెప్పిన ఆసుపత్రి మాత్రం ఆ అంచనాలోనే మెష్‌ను కలిపి చెప్పింది.

ఇక్కడే సర్జన్‌ను అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: "ఈ కేసులో ట్యాకర్ తప్పనిసరా, కోత పెట్టి మెష్ వేసే ఆపరేషన్ సరిపోదా?" ఒక వైపు మాత్రమే మొదటిసారి వచ్చిన హెర్నియాకు నడుం దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చి, కోత పెట్టి మెష్ కుట్టే పద్ధతి ఇప్పటికీ నమ్మదగిన చికిత్సే. లాపరోస్కోపీలో నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లవచ్చు. కానీ పూర్తి మత్తు కావాలి, పరికరాల ఖర్చు ఎక్కువ. రెండు వైపులా ఉన్నా, ఒకసారి కోత ఆపరేషన్ అయి మళ్లీ వచ్చినా లాపరోస్కోపీకే మొగ్గు చూపాలి. అక్కడ పొదుపు చూడకూడదు. ఇబ్బంది పెట్టని చిన్న హెర్నియా అయితే, సర్జన్ పరీక్షించి ఒప్పుకుంటే, కొంతకాలం వేచి చూసే దారి కూడా మగవారికి ఉంది. అయితే ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే ధరలు పోల్చే సమయం కాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

బాబాయి గారు కోత ఆపరేషన్‌నే ఎంచుకుని, రెండో ఆసుపత్రిలో జనరల్ వార్డు తీసుకున్నారు. గది విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చాలా ఆసుపత్రుల్లో గది తరగతి మారితే అద్దె ఒక్కటే కాక సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ, డాక్టరు విజిట్లు కూడా ఆ తరగతి ప్రకారమే పెరుగుతాయి. అందుకే అంచనాను ఒక్కో గది తరగతికీ విడివిడిగా అడగడం మంచిది. పైగా ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 దాటితే దానిపై 5 శాతం జీఎస్టీ పడుతుంది.

జనరల్ వార్డులో కోత ఆపరేషన్‌కు అంచనా 55,000 అని తేలితే, చివరి బిల్లు 58,400 వచ్చింది. తేదీల వారీగా విడి బిల్లు అడిగి, ఒక్కొక్క వరుస కేస్ షీట్‌తో సరిచూశాం. అడ్మిషన్‌కు ముందు ఓపీలో డబ్బు కట్టి చేయించుకున్న రక్తపరీక్షలు 1,600 మళ్లీ పడ్డాయి. ఫార్మసీకి తిరిగి ఇచ్చిన మందులు 1,900 తగ్గించలేదు. జరగని విజిట్ ఒకటి 800. ఈ 4,300 తీసేశాక 54,100 మిగిలింది. మెష్ విషయంలో చూడవలసిన గుర్తు సులభమైనదే: దాని ప్యాకెట్ మీది స్టిక్కర్‌ను కేస్ షీట్‌లో అంటిస్తారు, అందులోని బ్యాచ్ నంబరు, పేరు బిల్లులో ఉన్నవాటితో కలవాలి.

నా అభిప్రాయంలో, ముందే తేదీ ఖరారయ్యే ఇలాంటి ఆపరేషన్‌కు, మినహాయింపులన్నీ రాసిచ్చిన ప్యాకేజీ మేలు. రాసివ్వకపోతే విడి లెక్కే మేలు, ఎందుకంటే అందులో కనీసం ప్రశ్నించడానికి వరుసలుంటాయి. జ్వరం, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ వంటి, ఎన్నాళ్లు పడుతుందో తెలియని జబ్బులకు ప్యాకేజీ పనికిరాదు. అక్కడ ప్రతి సాయంత్రం అప్పటివరకు అయిన బిల్లు తీసుకోవాలి.

ఈ రెండింటికంటే ముందు చూడవలసినవి మరో రెండు. రేషన్ కార్డు ఉన్నవారు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. రెండోది ప్రభుత్వ ఆసుపత్రి: గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు వేచి ఉండాల్సి రావచ్చు, కానీ అత్యవసరం కాని హెర్నియాకు ఆ ఆలస్యం తట్టుకోగలిగినదేనా అన్నది సర్జన్‌ను నేరుగా అడిగి తేల్చుకోవాలి.