సున్నా అంటే ఆగినట్టేనా? జిన్నింగ్ మిల్లులో మీడియన్ షీట్ వాడాక నా సమీక్ష

మెషిన్ ఎంతసేపు ఆగిందో సేటుకు రాసి పంపే ముందు సెన్సర్ లాగ్‌ను ఒకసారి జల్లెడ పట్టడానికి నేను వాడేది లిబ్రే ఆఫీస్ కాల్క్‌లో చేసుకున్న ఒక చిన్న షీట్. కొన్ని పత్తి సీజన్లుగా ఇదే వాడుతున్నాను. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తీసేశానో కూడా చెప్తాను.

మాది వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లోని జిన్నింగ్ మిల్లు. నేను ఎక్కువగా చూసేది పత్తిని పైపుల్లోంచి లాగే సక్షన్ ఫ్యాన్ మోటరు. 40 హెచ్‌పీ, నడుస్తుంటే 48 ఆంప్స్ అటూ ఇటూ తీసుకుంటుంది. దీని కరెంటు రెండు చోట్ల నమోదవుతుంది. డేటా లాగర్ నిమిషానికి ఒక రీడింగ్ దాచుకుంటుంది. ఆపరేటర్ ప్యానెల్ మీది మీటరు చూసి గంటకోసారి రిజిస్టర్‌లో రాస్తాడు, షిఫ్ట్ అయ్యాక ఆఫీసు కుర్రాడు దాన్ని కంప్యూటర్‌లో కొడతాడు. లాగర్ తప్పులు ఒక రకం, చేతితో ఎక్కించిన తప్పులు ఇంకో రకం. రెండూ చివరికి చేరేది మాత్రం డౌన్‌టైమ్ రిపోర్టులోకే.

ముందు రిజిస్టర్ సంగతి. ఇంతకుముందు వాడిన షీట్‌లో అందరూ పెట్టుకునే లెక్కే ఉండేది: సగటుకు మూడు స్టాండర్డ్ డీవియేషన్ల అవతల ఉన్న అంకె ఎర్రగా మారాలి. స్టాండర్డ్ డీవియేషన్ అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. అది ఏనాడూ ఎర్రగా మారలేదు. ఒక షిఫ్ట్‌లో ఎక్కిన ఎనిమిది రీడింగులు చూడండి: 48.2, 47.6, 48.9, 482, 47.9, 48.4, 46.8, 48.1. నాలుగోది 48.2 అయ్యుండాలి, చుక్క పోయింది. చూడగానే తెలిసిపోతుంది కానీ షీట్‌కు తెలియలేదు. ఎందుకంటే ఆ 482 సగటును 102కు లాగేసింది, స్టాండర్డ్ డీవియేషన్‌ను 153కు ఉబ్బించింది. దాంతో పై హద్దు 562 దాకా పోయింది, 482 హాయిగా లోపలే ఉండిపోయింది. ఇది ఆ రోజు అంకెల వల్ల మాత్రమే జరిగింది కాదు. రీడింగులు n ఉంటే, వాటిలో ఏ ఒక్కటీ సగటు నుంచి (n−1)/√n డీవియేషన్ల కంటే దూరం పోలేదు. ఎనిమిదికి అది 2.47. అంటే 482 బదులు 48,200 కొట్టినా ఆ షీట్ ఎర్రబడదు. మూడు దాటాలంటే కనీసం 11 రీడింగులు ఉండాలి. గంటకొకటి రాసే ఎనిమిది గంటల షిఫ్ట్‌కు ఆ పద్ధతి పెట్టడమంటే కాపలాదారును పెట్టి కళ్లకు గంతలు కట్టినట్టే.

ఇప్పుడున్న షీట్ సగటు బదులు మీడియన్ తీసుకుంటుంది, అంటే రీడింగులను చిన్న నుంచి పెద్దకు పేర్చితే మధ్యలో పడే అంకె. ప్రతి రీడింగ్ మీడియన్‌కు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలకు మళ్లీ మీడియన్ తీస్తుంది. రీడింగులు C కాలమ్‌లో ఉంటాయి.

```
F1: =MEDIAN(C2:C9)
D2: =ABS(C2-$F$1)
F2: =MAX(MEDIAN(D2:D9),0.3)
E2: =0.6745*(C2-$F$1)/$F$2
```

D, E కాలమ్‌లను కిందికి లాగితే చాలు. E విలువ, ప్లస్ అయినా మైనస్ అయినా, 3.5 దాటితే ఎరుపు. పై ఎనిమిదింటికి మీడియన్ 48.15, దూరాల మీడియన్ 0.40. అప్పుడు 482కు E కాలమ్‌లో వచ్చే మార్కు 700 పైనే. 46.8 కాస్త తక్కువైనా దానికి 2.3 లోపే వస్తుంది, కాబట్టి దాని జోలికి పోదు. 

F2లో ఉన్న 0.3 నేను తర్వాత చేర్చింది. సగానికి మించిన రీడింగులు ఒకే అంకె అయితే దూరాల మీడియన్ సున్నా అవుతుంది, షీట్ అంతా `#DIV/0!` అని నిండిపోతుంది. ముందు మీటరు చూపించే కనీస తేడా 0.1 పెట్టి చూశాను. మరీ బిగుతైపోయింది, అర ఆంప్ మించి కదిలినా ఎరుపే. 0.3 పెడితే మోటరు మామూలు ఊగిసలాటను వదిలేసి, ఒకటిన్నర ఆంప్స్ మించితేనే పిలుస్తోంది. మీ మోటరుకు ఈ అంకె వేరుగా ఉంటుంది, నాది ఎత్తి పెట్టుకోవద్దు.

ఆ 482 డౌన్‌టైమ్‌కు ఎందుకు ముఖ్యమంటే, అదే షిఫ్ట్‌లో ఫ్యాన్ 25 నిమిషాలు నిజంగానే ఆగింది. బెల్టు జారింది. కానీ షీట్‌లో 482 కనిపిస్తే రిపోర్టు రాసేవాడు కారణం దగ్గర 'ఓవర్‌లోడ్' అని రాసేస్తాడు. ఆగిన నిమిషాలు సరిగ్గానే ఉంటాయి, కారణం మాత్రం తప్పుతుంది. ఆ తర్వాత ఎవరో వచ్చి బాగున్న మోటరును విప్పుతారు.

ఇక లాగర్. ఇక్కడ అసలు తలనొప్పి సున్నాలు. ఆగిన మెషిన్ సున్నా చూపిస్తుంది, వైరు ఊడిన సెన్సర్ కూడా సున్నానే చూపిస్తుంది. షీట్ రెండింటినీ ఒకేలా ఎర్రగా చేస్తుంది. ఒకసారి మధ్యాహ్నం 15:12 నుంచి 15:49 దాకా వరుసగా సున్నాలు. లాగ్ ప్రకారం 37 నిమిషాల డౌన్‌టైమ్. ఆపరేటర్‌ను అడిగితే "ఒక్క నిమిషం గూడ ఆగలే సార్, పత్తి గుంజుతనే ఉండె" అన్నాడు. ఆపరేటర్ మాటనూ ఊరికే నమ్మలేం, లాగర్‌నూ ఊరికే నమ్మలేం. తేల్చింది కరెంటు యూనిట్లు.

ఆ ఫ్యాన్‌కు విడిగా ఎనర్జీ మీటరు ఉంది. 415 వోల్టులు, 48 ఆంప్స్, పవర్ ఫ్యాక్టర్ 0.85 అనుకుంటే మోటరు గంటకు సుమారు 29 యూనిట్లు తీసుకుంటుంది. 37 నిమిషాలు ఆగి ఉంటే ఆ గంటలో 11 యూనిట్లే పెరగాలి. మీటరు 15:00కు, 16:00కు మధ్య 29 పెరిగింది. మోటరు ఆగలేదు. ఈ పరీక్ష పనిచేయాలంటే ఎనర్జీ మీటరుకు దాని సొంత సీటీలు, అంటే వైరు చుట్టూ ఉండి కరెంటును కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు, ఉండాలి. లాగర్, మీటరు రెండూ ఒకే సీటీ నుంచి తీసుకుంటుంటే రెండూ కలిసే అబద్ధం చెప్తాయి.

ఇంతకీ సున్నా ఎక్కడి నుంచి వచ్చింది? మా సెన్సర్ 4–20 మిల్లీఆంప్ సిగ్నల్ పంపే రకం. 4 అంటే సున్నా ఆంప్స్, 20 అంటే 100 ఆంప్స్. మోటరు ఆగితే సిగ్నల్ 4కు వస్తుంది, లాగ్‌లో 0 పడుతుంది. వైరు ఊడితే సిగ్నలే సున్నా అవుతుంది, లెక్క ప్రకారం లాగ్‌లో −25 పడాలి. అంటే ఆగడానికీ ఊడడానికీ తేడా చెప్పే ఏర్పాటు ఆ సిగ్నల్‌లోనే ఉంది. కానీ లాగర్ బిగించినవాళ్లు మైనస్ అంకెలు చూడ్డానికి బాగుండవని సెట్టింగులో వాటిని సున్నాగా కత్తిరించి పెట్టారు. ఆ కత్తిరింపు తీసేశాక −25 దానంతట అదే కనిపిస్తోంది. షీట్ కంటే ఎక్కువ మేలు చేసింది ఈ ఒక్క సెట్టింగే. మీ దగ్గర 4–20 సిగ్నల్ ఉంటే ఫార్ములాల జోలికి పోకముందే ఇది చూసుకోండి.

ఎర్రబడ్డ ప్రతి అంకెనూ తప్పు అని కొట్టేయకూడదని నాకు రుజువు చేసినవి రెండు ఉన్నాయి. ఒకటి, సున్నాల తర్వాత ఒక్కసారిగా 90, 100 లాంటి అంకె. అది మోటరు మళ్లీ స్టార్ట్ అయినప్పటి కరెంటు. నిమిషానికోసారి తీసే రీడింగ్ సరిగ్గా ఆ క్షణానికి పడింది, అంతే. దాన్ని చెత్త అని తీసేస్తే, మెషిన్ నిజంగా ఆగి మళ్లీ లేచిందనడానికి ఉన్న మంచి సాక్ష్యం పోతుంది. అయితే అది కనపడనంత మాత్రాన ఆగలేదని కాదు. స్టార్టింగ్ కొన్ని సెకన్లలో ముగుస్తుంది, రీడింగ్ దాన్ని తప్పించుకోవడమే ఎక్కువ.

రెండోది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సీజన్ మొదట్లో తేమ పత్తి వచ్చి పైపులో ఇరుక్కున్నప్పుడు కరెంటు 48 నుంచి 40కి, 35కి దిగుతుంది. పైపు మూసుకుంటే మోటరు మీద భారం పెరగాలి కదా, ఇదేదో తప్పుడు రీడింగ్ అని కొత్తవాళ్లు అనుకుంటారు. ఇలాంటి సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్‌లో జరిగేది దానికి ఉల్టా: గాలి కదలడం తగ్గితే ఫ్యాన్ చేసే పని తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. కాబట్టి నాలుగైదు నిమిషాలు వరుసగా మెట్లు దిగినట్టు తగ్గి ఆ తర్వాత సున్నా పడితే, అది చోకింగ్ వల్ల ఆపిన మెషిన్. ఎంట్రీ తప్పు ఇలా మెట్లు దిగదు. ముందు 48, వెనక 48 ఉండి, మధ్యలో ఒక్కటే విడిగా ఉంటుంది.

అందుకే అసలు కాలమ్‌లో ఒక్క అంకె కూడా మార్చనివ్వను. పక్కన 'సరిచేసింది' అని ఒక కాలమ్, దాని పక్కన కారణం. కారణం రాయకపోతే పాత అంకే నిలుస్తుంది. రిపోర్టులో కూడా 'ఆగిన సమయం' వేరు, 'కొలత లేని సమయం' వేరు. మొదట్లో సేటుకు ఈ రెండో వరుస నచ్చలేదు, "ఆగిందా లేదా, ఒక్కటి చెప్పు" అనేవాడు. 37 నిమిషాల లెక్కను యూనిట్లతో చూపించాక మళ్లీ అడగలేదు.

ఇప్పుడు ఆ పోయిన మార్కు సంగతి. ఈ షీట్ ఇరుక్కుపోయిన రీడింగ్‌ను పట్టలేదు. లాగర్ ఒక్కోసారి 48.2 దగ్గరే బిగుసుకుపోయి అరగంట అదే రాస్తుంది. అది మీడియన్ పక్కనే ఉంటుంది కాబట్టి మార్కు దాదాపు సున్నా, పైకి అన్నిటికంటే బుద్ధిమంతురాలు. ఆ అరగంటలో మెషిన్ ఆగినా తెలియదు. దానికి వేరే కాలమ్ పెట్టుకున్నాను, పై అంకెతో సమానమైతే లెక్క ఒకటి పెరుగుతుంది:

```
G3: =IF(C3=C2,G2+1,0)
```

నడుస్తున్న మోటరు చివరి అంకె ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, అందుకే పది దాటితే అనుమానిస్తాను. ఆగినప్పటి సున్నాలు కూడా ఇందులో పడతాయి, వాటిని చేత్తో వదిలేయాలి. అది విసుగే.

బేల్ ప్రెస్‌కు మాత్రం ఈ షీట్ అస్సలు పనికిరాదు. ప్రెస్ పంపు మోటరు బేలు నొక్కేటప్పుడు ఒక కరెంటు, ఖాళీగా తిరిగేటప్పుడు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది. రీడింగులు రెండు గుంపులుగా విడిపోతాయి. మీడియన్ ఎక్కువసేపు ఉన్న గుంపులో కూర్చుని, రెండో గుంపును మొత్తం తప్పు అంటుంది. ఖాళీ సమయం ఎక్కువున్న రోజు, నొక్కిన ప్రతి బేలూ ఎర్రగా కనిపించింది. ప్రెస్ దగ్గర నేను కరెంటు చూడను. ఒక బేలుకూ తర్వాతి బేలుకూ మధ్య పట్టిన నిమిషాలు రాసి, ఆ నిమిషాలకే మీడియన్ తీస్తాను. బేళ్ల రిజిస్టర్‌లో ప్రతి బేలుకూ టైము ఉంటుంది కాబట్టి, కొత్త సెన్సర్ ఏదీ కొనాల్సిన పని పడలేదు.