«మీ ఉద్దేశం ఏంటి?» అని అడగడం మానేశాక

నా పని కంపెనీలో అడిగినవాళ్లకు డేటాబేస్ నుంచి లిస్టులు తీసి ఇవ్వడం. అడిగేది అర్థం కానప్పుడు «అంటే ఏంటండీ?» అనకుండా, రెండు మూడు అర్థాలు నేనే రాసి «వీటిలో ఏది?» అని అడగడం చాలాకాలంగా నా అలవాటు. ఈ పద్ధతంటే నాకు చాలా ఇష్టం. ముఖ్యంగా ఒక్క కారణానికి: ప్రతి అర్థం పక్కనా ఒక ఉదాహరణ పెట్టొచ్చు.

«ఏప్రిల్ క్యాన్సిల్ ఆర్డర్ల లిస్ట్ పంపండి» అని ఒక మెసేజ్ వచ్చిందనుకోండి. «అంటే?» అని అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: «అదేనండీ, ఏప్రిల్‌లో క్యాన్సిల్ అయినవి.» అడిగినవాళ్ల మనసులో ఒకే అర్థం ఉంటుంది. రెండోది ఉందని వాళ్లకు తట్టదు కాబట్టి అదే మాట మళ్లీ చెబుతారు, కాస్త విసుగ్గా. అందుకే నేను ఇలా రాస్తాను:

«1. ఏప్రిల్‌లో క్యాన్సిల్ అయినవి, ఆర్డర్ ఎప్పుడు పెట్టినా సరే. మార్చి 29న పెట్టి ఏప్రిల్ 2న క్యాన్సిల్ చేసింది ఇందులో వస్తుంది.
2. ఏప్రిల్‌లో పెట్టిన ఆర్డర్లలో క్యాన్సిల్ అయినవి. పైది ఇందులో రాదు. ఏప్రిల్ 30న పెట్టి మే 3న క్యాన్సిల్ చేసింది వస్తుంది.»

పని చేసేదంతా ఆ తేదీలే. ఏప్రిల్ 10న పెట్టి 12న క్యాన్సిల్ చేసిన ఆర్డర్‌ని ఉదాహరణగా ఇస్తే ఏ లాభమూ లేదు, అది రెండు లిస్టుల్లోనూ ఉంటుంది. ఒకదాంట్లో పడి రెండోదాంట్లో పడనిది వెతికి పట్టుకోవాలి. అలాంటిది ఎంత వెతికినా దొరకకపోతే ఆ రెండు అర్థాలూ నిజానికి ఒకటే, అడగాల్సిన పనే లేదు. ఎన్నో ప్రశ్నలు పంపకముందే ఇలా రాలిపోయాయి.

మనుషులు మాట్లాడుకునేటప్పుడు సహజంగా చేసేది కూడా దాదాపు ఇదే. 12 భాషల సంభాషణలను పోల్చి 2015లో అచ్చయిన ఒక పరిశోధన ప్రకారం, ఎదుటివారి మాట సరిగ్గా అందనప్పుడు మనం ఊరికే «ఆఁ?» అనడం కంటే, వీలైనంతవరకు అర్థమైన మేరకు చెప్పి «ఇదేనా?» అని అడగడానికే మొగ్గు చూపుతాం. రాతలో మాత్రం ఎందుకో «కాస్త వివరంగా చెప్పండి» అని చేతులు దులుపుకుంటాం.

ఒకసారి మాత్రం ఈ పద్ధతి గట్టిగా దెబ్బతింది. పైన చెప్పిన క్యాన్సిల్ లిస్టే. అడిగినాయన నుంచి రెండు నిమిషాల్లో జవాబు: «1 అనుకోండి.» పంపించాను. ఆ లిస్ట్ పట్టుకుని వాళ్ల టీమ్ కస్టమర్లకు ఫోన్లు మొదలుపెట్టింది, మళ్లీ కొనమని అడగడానికి. అవతలివాళ్లలో చాలామంది చిరాకుపడ్డారు: «అడ్రస్ తప్పు పడిందని క్యాన్సిల్ చేసి, వెంటనే మళ్లీ ఆర్డర్ పెట్టాను కదండీ!» ఆయనకు కావలసింది క్యాన్సిల్ చేసి ఆ తర్వాత ఏమీ కొననివాళ్ల పేర్లు. నా రెండు అర్థాలూ తేదీల చుట్టూ తిరిగాయి, ఆయన అవసరం తేదీలతో సంబంధం లేనిది. రెండూ కాదని చెప్పడం కంటే దగ్గరగా ఉన్నది ఎంచుకోవడం ఆయనకు తేలికైంది. ఎదురుగా రెండే ఉంటే ఎవరైనా చేసేది అదే. పైగా నేను రాసిన తీరు చూస్తే అన్నీ ఆలోచించే రాసినట్టు ఉంటుంది.

గుర్తు ఆ జవాబులోనే ఉంది. నిజంగా తనకు కావలసింది కనబడినవాళ్లు «2, కానీ టెస్ట్ ఆర్డర్లు తీసేయండి» అన్నట్టు ఏదో ఒకటి కలుపుతారు. «1 అనుకోండి», «ఏదైనా ఓకే» వస్తే ఇప్పుడు నేను ఆగిపోతాను. ప్రతిసారీ చివర ఇంకో లైను కూడా పెడుతున్నాను: «ఇవేవీ కాకపోతే, ఈ లిస్ట్‌తో ఏం చేయబోతున్నారో ఒక్క ముక్క చెప్పండి.» కొత్తవాళ్లు అడిగితే ఆ ప్రశ్నే ముందు, అర్థాలు తర్వాత. అంటే మొదట్లో నేను పూర్తిగా వదిలేసిన ఓపెన్ ప్రశ్న కొంత వెనక్కి వచ్చింది. అయితే అది అడిగేది మాట అర్థం గురించి కాదు, పని గురించి. దానికి జనం హాయిగా జవాబిస్తారు.

నాకు ఇది బాగా కుదిరిందంటే, నావన్నీ రాతలో వచ్చే పనులు, అడిగేవాళ్లు చాలావరకు తెలిసినవాళ్లు, తేడా చూపించడానికి తేదీలూ అంకెలూ చేతిలో ఉంటాయి. ఫోన్లో అయితే నేను రెండుకు మించి చెప్పను, మూడోది చెప్పేసరికి మొదటిది మర్చిపోతారు. డిజైన్ లాంటి పనుల్లో, అడిగేవాళ్లకే ఏం కావాలో ఇంకా తేలని చోట, ఇలా అర్థాలు ముందే పెట్టడం వాళ్ల ఆలోచనను తొందరపడి బిగించేస్తుందేమోనని నా అనుమానం. అక్కడ నేను వాడి చూడలేదు.