రికవరీ స్కోరు ఎర్రగా వస్తే పరుగు మానాలా? రెండేళ్ల వాడకం తర్వాత

రెండేళ్లు చేతికి బ్యాండు పెట్టుకుని పడుకుని, ఒళ్లు ఎంత తేరుకుందో చెప్పే రికవరీ స్కోరు పొద్దుగాల చూసి పరుగుకు పోయే వాడకం మీద రాస్తున్నది ఇది. బ్యాండు ఉంచుకోవచ్చు. స్కోరును మాత్రం దాని కింద ఉండే అంకెలు చూడకుండా నమ్మొద్దు.

ఇట్లాంటి యాప్‌లు చాలావరకు ముఖ్యంగా చూసేది నిద్రలో హెచ్‌ఆర్‌వీ, అంటే ఒక గుండె చప్పుడుకు ఇంకోదానికి మధ్య ఉండే వ్యవధి ఎంత మారుతోందన్నది. దానికి విశ్రాంతిలో గుండె వేగం, నిద్ర, శ్వాస వేగం కలుస్తాయి. వీటిని మన పాత సగటుతో పోల్చి 100కు లెక్క కడతారు. దేనికి ఎంత విలువ ఇస్తారో కంపెనీలు పూర్తిగా బయటపెట్టవు. వూప్ బ్యాండులో 67 వస్తే పచ్చ రంగు, ఔరా ఉంగరంలో 85 వస్తేనే అన్నిటికన్నా పై స్థాయి. అందుకే పక్కవాళ్ల యాప్‌లోని 70తో మన 70ని పోల్చలేం.

చిక్కంతా ఈ అంకెలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటంలో ఉంది. వరంగల్‌లో మే నెల రాత్రి, రెండింటికి కరెంటు పోయిందనుకోండి. ఒళ్లు చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె వేగం 54 నుంచి 59కి ఎక్కుతుంది. దాంతోపాటే హెచ్‌ఆర్‌వీ 52 మిల్లీసెకన్ల నుంచి 41కి దిగుతుంది, నిద్ర గంటన్నర తగ్గుతుంది. కారణం ఉక్కపోత ఒక్కటే, స్కోరులో కోత మాత్రం మూడు చోట్ల పడుతుంది. రాత్రి పదకొండుకు బిర్యానీ తిని పడుకున్నా దాదాపు ఇట్లనే వస్తుంది.

అట్లాంటి పొద్దున శ్వాస వేగం చూడాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది రాత్రి రాత్రికీ పెద్దగా మారదు. మామూలుగా నిమిషానికి 15 ఉండేది ఆ రోజూ 15 దగ్గరే ఉంటే వేడి వల్ల, నిద్ర చాలక స్కోరు పడిందని అనుకోవచ్చు. భద్రకాళి చెరువు కట్ట మీద మెల్లగా పరుగెత్తొచ్చు, నిద్ర తక్కువైంది కాబట్టి వేగం పరుగులు ఇంకో రోజుకు జరపాలి. అదే 17కు పెరిగి, ఒళ్లు బరువుగా అనిపిస్తే జ్వరం వస్తోందేమో అనుకుని ఆగాలి. చర్మ ఉష్ణోగ్రత ఇక్కడ అంతగా సాయపడదు, గది వేడెక్కినా అది పెరుగుతుంది.

ఎర్ర రంగు కన్నా పచ్చ రంగే ఎక్కువ మోసం చేస్తుంది. పద్మాక్షి గుట్ట మెట్లు పదిసార్లు దిగితే తొడ కండరాలు దెబ్బతింటాయి, నొప్పి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. గుండె మాత్రం అంతకన్నా ముందే తేరుకోవచ్చు. రెండో రోజు పొద్దున స్కోరు 80 చూపిస్తే యాప్ తప్పు చెప్పినట్టు కాదు, మణికట్టు దగ్గరి సెన్సరుకు తొడలు కనబడవు. బూట్లు వేసుకునే ముందు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి మెల్లగా ఐదుసార్లు లేచి కూర్చోండి. కూర్చునేటప్పుడు తొడలు పట్టేస్తే ఆ రోజు దిగుడు దారులు, వేగం పరుగులు వద్దు.