కీమో నడుస్తుండగానే పాలియేటివ్ కేరా, చివర్లో హాస్పిసా: ఏది మేలు?

మా మామయ్యకి లంగ్ క్యాన్సర్, నాలుగో స్టేజ్, నడుములో వెన్నుపూసకి కూడా పాకింది. మూడో కీమో దగ్గరికొచ్చేసరికి ఆంకాలజిస్ట్ చీటీ మీద "పాలియేటివ్ కేర్‌కి చూపించండి" అని రాశారు. అది చూసి మా బావగారు కారిడార్‌లోనే మొదలుపెట్టేశారు, "అప్పుడే చేతులెత్తేశారా ఏంటి, ఇంకా కీమో ఇస్తున్నారుగా, అది చావబోయేవాళ్ళకి కదా" అని. అత్తయ్య అక్కడే కూలబడిపోయారు. తప్పు బావగారిది కాదు, మన దగ్గర చాలామందికి పాలియేటివ్ అన్నా హాస్పిస్ అన్నా ఒకటే, రెండూ చివరి గది పేర్లే.

నిజానికి రెండూ ఒకటి కాదు. పాలియేటివ్ కేర్ అంటే నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్ర పట్టకపోవడం, భయం, ఇంట్లోవాళ్ళ అలసట, వీటన్నిటినీ చూసే టీమ్, రోగం ఏ స్టేజ్‌లో ఉన్నా సరే, కీమో రేడియేషన్ నడుస్తున్నా సరే. హాస్పిస్ అందులోనే ఒక భాగం, క్యాన్సర్‌ని తగ్గించే ట్రీట్‌మెంట్ ఇక ఆపేసి మిగిలిన రోజులు ప్రశాంతంగా గడిచేలా చూసేది. అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో హాస్పిస్ కింద చేరాలంటే రోగం తన దారిన తాను పోతే ఆరు నెలలకి మించి బతకరని డాక్టర్లు రాసివ్వాలి, పేషెంట్ కూడా ఆ జబ్బుకి నయం చేసే ట్రీట్‌మెంట్ వద్దని ఒప్పుకోవాలి. పాలియేటివ్‌కి అలాంటి షరతే లేదు. నెట్‌లో అమెరికా సంగతులు చదివి "సంతకం పెడితే కీమో ఆపేస్తారట" అని భయపడేవాళ్ళు ఈ రెంటినీ కలిపేసుకుంటున్నారు. ఇక్కడ పాలియేటివ్ ఓపీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ కీమో ఆపరు, ఆంకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళేది వెళ్ళేదే.

సరే, మరి ఏది మేలు? మా ఇంట్లో జరిగిందే చెప్తా, ఎందుకంటే కీమో ఒక్కటే నడిచిన రోజులూ చూశాం, రెండూ కలిపి నడిచిన రోజులూ చూశాం.

మొదటి రెండు కీమోలు పాలియేటివ్ లేకుండానే అయ్యాయి. నొప్పికి ట్రమడాల్, పారాసిటమాల్. రాత్రి పడుకోలేరు, కుర్చీలో కూర్చుని తెల్లార్చేవారు, నొప్పి వల్ల తిండి లేదు, 58 కిలోల మనిషి 53కి వచ్చేశారు. 21 రోజులకి మూడో కీమోకి వెళ్తే "ఇంత నీరసంగా ఉంటే ఇవ్వలేం, వాయిదా" అన్నారు. అంటే చూడండి, క్యాన్సర్ మందు ఆగిపోయింది క్యాన్సర్ ముదిరినందుకు కాదు, నొప్పిని ఎవరూ సీరియస్‌గా పట్టించుకోనందుకు. అడిగినప్పుడల్లా "నొప్పి ఉంటుందిగా అమ్మా" అనేవాళ్ళు.

పాలియేటివ్ డాక్టరు మొదటి రోజే అరగంట పైన కూర్చున్నారు. పదికి ఎంత నొప్పి అని అడిగితే మామయ్య ఎనిమిది అన్నారు. కాళ్ళల్లో బలం తగ్గిందా, తిమ్మిరి ఉందా, మూత్రం సాఫీగా వస్తోందా అని గుచ్చిగుచ్చి అడిగారు, ఎందుకంటే వెన్నుపూసలో గడ్డ ఉన్నవాళ్ళకి వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్ళు పడిపోతాయి, అది గంటల్లో చూడాల్సిన ఎమర్జెన్సీ. అదృష్టం, అది లేదు. నోటి మార్ఫిన్ మొదలుపెట్టారు, చిన్న డోసుతో మొదలై నాలుగైదు రోజుల్లో పది మిల్లీగ్రాములకి వచ్చింది, ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదికి మాత్రం రెండు మాత్రలు, మధ్యలో లేపకుండా. ఇది ఆయన లెక్క, మీవాళ్ళ డోసు డాక్టరే చెప్పాలి, కిడ్నీ బాగాలేకపోతే లెక్క మొత్తం మారిపోతుంది. దాంతోపాటు మలబద్ధకానికి మాత్ర కూడా మొదటి రోజు నుంచే, ఇది మానేసి కడుపు ఉబ్బిపోయి మార్ఫిన్నే తిట్టుకునేవాళ్ళని ఓపీలో చూశాను. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉన్నారు, తర్వాత పోయింది. మగత తగ్గకుండా పెరుగుతూ పోయినా, లేపితే లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా అది మందు ఎక్కువైందన్న గుర్తు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

తర్వాత ఆ నడుము ఎముకకి ఒక్క సిట్టింగ్ రేడియేషన్, ఎనిమిది గ్రే డోసు. అది గడ్డని నయం చేయడానికి కాదు, నొప్పి తగ్గడానికి. వెంటనే పని చేయదు, మాకు రెండు వారాలు పట్టింది. నొప్పి మూడుకి దిగింది, పెరుగన్నం తినడం మొదలెట్టారు, మూడు వారాలు ఆలస్యంగా మూడో కీమో పడింది.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, మా మామయ్యలాంటి ముదిరిన కేసుల్లో రిపోర్ట్ వచ్చిన ఎనిమిది వారాల లోపే అని అమెరికన్ ఆంకాలజిస్టుల సంఘం 2016 గైడ్‌లైన్. దానికి బలమైన ఆధారాల్లో ఒకటి బోస్టన్ స్టడీ, 2010లో వచ్చింది, లంగ్ క్యాన్సర్ పాకిన 151 మందిని రెండు గుంపులు చేసి ఒక గుంపుకి మొదట్నుంచీ పాలియేటివ్ కలిపారు. వాళ్ళకి డిప్రెషన్ తక్కువ, చివరి రోజుల్లో పనికిరాని గట్టి ట్రీట్‌మెంట్లు తక్కువ, అయినా మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు, రెండో గుంపు 8.9. అన్ని క్యాన్సర్లలో ఆయుష్షు పెరుగుతుందని దీన్ని బట్టి చెప్పలేం, కానీ "పాలియేటివ్‌కి వెళ్తే త్వరగా పోతారు" అనే మాటకి మాత్రం ఇది గట్టి జవాబు. నయమయ్యే క్యాన్సర్లో అయితే తేదీ పెట్టుకోనక్కర్లేదు, గొంతు రేడియేషన్‌లో నోరు పూసి మింగలేకపోతున్నారా, అదే టైం.

ఒక చిక్కు ఉంది, మార్ఫిన్ మామూలు మెడికల్ షాపులో దొరకదు, మత్తుమందుల చట్టం వల్ల గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లోనే ఇస్తారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, తెలంగాణ జిల్లాల్లో కూడా ప్రభుత్వ సెంటర్లు ఉన్నాయి, ఫోన్ చేసి స్టాక్ ఉందో కనుక్కునే వెళ్ళండి. మాత్రలు అయిపోయే ముందు రోజు కాదు, వారం ముందే.

ఇక హాస్పిస్. ఎనిమిది నెలల తర్వాత రెండో రకం మందు కూడా పని చేయలేదు, మామయ్య రోజంతా మంచంలోనే. అప్పుడు కీమో ఇస్తే దానివల్ల వచ్చే బాధే మిగులుతుంది, అప్పటికది సరైన టైం. బావగారు ఈసారి గొడవ పెట్టలేదు, ఎందుకంటే చెప్పింది కొత్త మనుషులు కాదు, ఎనిమిది నెలలుగా చూస్తున్న అదే డాక్టరు, అదే నర్సు. వాళ్ళు మామయ్యనే అడిగారు, ఇంట్లోనా హాస్పిస్‌లోనా అని. "రాత్రిళ్ళు దీనికి నిద్ర ఉండట్లేదు, అక్కడికే పోదాం" అన్నారు అత్తయ్యని చూపిస్తూ. అక్కడ పదకొండు రోజులున్నారు. మొదటి రాత్రి నర్సే మార్ఫిన్ ఇచ్చి, ఆయాసానికి మంచం తల ఎత్తిపెట్టి, అత్తయ్యని పక్క మంచంలో పడుకోమంది, ఆవిడ తెల్లారి ఏడు దాకా లేవలేదు.