ఫొటోలో అడ్డం తీసేస్తామనే యాప్‌కి డబ్బు కట్టేముందు ఇది చూడండి

బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది ఊరి నుంచి అమ్మానాన్న వస్తే లాల్‌బాగ్‌కి తీసుకెళ్లి గాజు భవనం ముందు ఫొటో తీస్తారు కదా, అలాంటి ఫొటో ఒకటి ఫ్రేమ్ కట్టించబోయి డబ్బు పోగొట్టుకున్న సంగతి ఇది. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి, పేర్లు మారుతుంటాయి.

అమ్మ ఫొటోలో చీర కొంగు పక్కనే నీలం రంగు చెత్తడబ్బా పడింది. ప్రకటనలో ఏమో వేలు ఒక్కసారి అలా గీయగానే మనిషికి మనిషే మాయమైపోతాడు. యాప్ వేసుకుని గీస్తే డబ్బా నిజంగానే పోయినట్టు కనిపించింది. సేవ్ నొక్కితే మాత్రం ఏడాది ప్లాన్ కట్టమంది, మూడు రోజుల ట్రయల్ అంటూనే ఆటోపే అనుమతి కూడా అడిగింది. సరే అని ఇచ్చి, సేవ్ చేసి, మారతహళ్లిలో ఫొటో స్టూడియోకి ఫైల్ పంపితే ఆయన ఫోన్ చేసి "ఇది పెద్దది చేస్తే ముఖం పగిలిపోతుందండీ, ఒరిజినల్ పంపండి" అన్నారు.

అప్పుడు గ్యాలరీలో వివరాలు తెరిచి చూస్తే అసలు ఫొటో 4000×3000, యాప్ ఇచ్చింది 1280×960. అంటే పిక్సెళ్లలో పదో వంతు మిగిలింది. 8×12 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే బాగా వస్తుంది, దీనికి నూటికి కాస్త పైన వస్తున్నాయి. పూర్తి సైజు కావాలంటే క్రెడిట్లని వేరే కొనాలట! ఏడాది ప్లాన్ కట్టించుకునేటప్పుడు ఈ మాట ఎక్కడా లేదు. ఫోన్ తెరమీద చూసినంతసేపూ తేడా తెలియదు, తెర చిన్నది కాబట్టి. అందుకే ఏ యాప్‌కైనా డబ్బు కట్టే ముందు పనికిరాని ఫొటో ఒకటి సేవ్ చేసి, ముందు సైజు, తర్వాత సైజు పక్కపక్కన పెట్టి చూడండి. సేవ్ చేయనివ్వకుండా ముందే డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. ఇంకో పరీక్ష కూడా ఉంది: ఏరోప్లేన్ మోడ్ పెట్టి గీయండి, నెట్ కావాలంటే మీ ఇంటివాళ్ల ఫొటో వాళ్ల సర్వర్‌కి వెళ్తుండొచ్చు.

ఆ పని నేను చివరికి స్నాప్‌సీడ్ అనే యాప్‌లో చేసుకున్నాను, దానికి డబ్బు లేదు, ప్రకటనలు లేవు. గూగుల్ ఫొటోస్‌లో మ్యాజిక్ ఎరేజర్ కూడా 2024 మే నుంచి పిక్సెల్ ఫోన్ లేనివాళ్లకీ ఉచితంగా వస్తోంది, ఫోన్ మరీ పాతది కాకపోతే చాలు. శామ్‌సంగ్ గ్యాలరీలో కూడా చాలా మోడళ్లకి ఇలాంటిదే ఉంది. కొనే ముందు మీ ఫోన్‌లో ఏముందో ఒకసారి వెతకండి.

ఇక గీయడం సంగతి. స్నాప్‌సీడ్‌లో ఫొటో తెరిచి Tools లోకి వెళ్లి Healing నొక్కాలి. ఇక్కడ కొత్తవాళ్లు మొదట బ్రష్ సైజు ఎక్కడ మార్చాలా అని వెతుకుతారు, అది ఉండదు. రెండు వేళ్లతో ఫొటోని ఎంత దగ్గరికి లాగితే ఫొటో మీద బ్రష్ అంత సన్నగా పడుతుంది. దూరం నుంచే గీస్తే వేలి కింద డబ్బాతోపాటు చీర కొంగు కూడా పోతుంది, ఎక్కువమందికి ఫొటో చెడేది ఇక్కడే. వేలితో గీసినంత మేర ఎర్రగా కనిపిస్తుంది, వేలు తీయగానే చుట్టుపక్కల ఉన్నదాన్ని తెచ్చి అక్కడ నింపుతుంది. అది అతుకు వేసినట్టే, కొత్తగా ఏదీ కనిపెట్టదు. పక్కన గడ్డి ఉంటే గడ్డి తెస్తుంది, కొంగు ఉంటే కొంగు ఎరుపు తెచ్చి గడ్డి మీద పూస్తుంది.

అమ్మ ఫొటోలో డబ్బా పైభాగం గడ్డి ముందు ఉంది, కింది భాగం కాలిబాట మీద ఉంది, మధ్యలో గడ్డికీ బాటకీ సరిహద్దు రాళ్ల వరస వెళ్తోంది. మొత్తం ఒకేసారి గీస్తే గడ్డి కిందికి కారిపోయి రాళ్ల వరస మధ్యలో తెగిపోతుంది. అందుకని ముందు కొంగుకి దూరంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టి, గడ్డి ముందున్న భాగాన్ని చిన్నచిన్న గీతలతో తీశాను, తర్వాత బాట మీది భాగం, ఆఖర్న బాగా జూమ్ చేసి రాళ్ల వరస వెంబడే, అది వెళ్తున్న దిక్కులోనే సన్నగా గీశాను. కొంగుని ఆనుకున్న అంచు దగ్గర గీయకుండా వేలితో చుక్కలు పెట్టినట్టు నొక్కాలి. చీర రంగు గడ్డి మీదికి వస్తే దానిమీదే మళ్లీ గీయకండి, కింద వెనక్కి బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కి ఇంకో వైపు నుంచి గీయండి. చెడినదాని మీద మళ్లీ గీస్తూ పోతే అక్కడ మసకమసకగా మరక మిగులుతుంది, ప్రింట్‌లో అదే ముందు కంటపడుతుంది.

అందరూ మరిచిపోయేది నీడ. డబ్బా పోయింది, దాని నీడ మాత్రం బాట మీద అలాగే ఉంది! చూసేవాళ్లకి ఏం తేడానో వెంటనే చెప్పలేరుగానీ ఫొటోలో ఏదో తప్పుందని తెలిసిపోతుంది. వస్తువుతోపాటు దాని నీడ, తడి నేల అయితే దాని ప్రతిబింబం కూడా తీయాలి. అలాగే వస్తువు అంచుకి సరిగ్గా గీయకుండా కొంచెం బయటికి వచ్చేలా గీయాలి, లేకపోతే నీలం గీత ఒకటి చుట్టూ మిగిలిపోతుంది. అంతా అయ్యాక పూర్తిగా జూమ్ చేసి చూడండి, ఒకే గడ్డి మొక్క లేదా ఒకే రాయి పక్కపక్కన రెండుసార్లు కనిపిస్తే అక్కడ మళ్లీ చిన్న చుక్క పెట్టి చెరపాలి.

కొన్ని పోవు. అడ్డం వచ్చింది ముఖం మీదికో, చేతి వేళ్ల మీదికో, కొంగు అంచులో జరీ డిజైన్ మీదికో వచ్చి ఉంటే దాని వెనక ఏముందో ఈ బ్రష్‌కి తెలియదు, ఆ చోటు అలాగే వదిలేయడమో క్రాప్ చేయడమో మంచిది. గాజు భవనం ఇనుప చట్రాల ముందు ఎవరో నిలబడి ఉన్నా అంతే, ఆ గీతలు వంకరపోతాయి. దీనికి డబ్బు కడితే బాగా వస్తుందని ఆశ పెట్టుకోకండి, నేను కట్టిన యాప్ కూడా చట్రం దగ్గర వంకరగానే నింపింది.

ఇంకొకటి, వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది తీసుకుని చెరపకండి. మామూలుగా పంపితే అది ముందే చిన్నదైపోయి వస్తుంది, తీసినవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి. ఎడిట్ చేశాక స్టూడియోకి పంపేటప్పుడూ అంతే.

ఇప్పటికే ఇలాంటి ట్రయల్ మొదలుపెట్టినవాళ్లు యాప్ తీసేస్తే సరిపోతుందనుకోకండి, తీసేసినా సబ్‌స్క్రిప్షన్ నడుస్తూనే ఉంటుంది, డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions లో Subscriptions లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం కూడా చూసి, ఆ పేరు ఇంకా యాక్టివ్‌లో ఉంటే అక్కడా ఆపేయండి. ఆటోపే డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, ప్రమోషన్ మెసేజ్ అనుకుని చెరిపేయకండి. కట్టి 48 గంటలు దాటకపోతే గూగుల్ ప్లేలోనే రీఫండ్ అడగొచ్చు, దాటితే యాప్ తయారుచేసినవాళ్లనే అడగాలి. నేను ఆ సైజుల స్క్రీన్‌షాట్లు రెండూ జతచేసి రాశాను, "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబొచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.